రెండు డిస్కౌంట్లు ఉన్నప్పుడు చివరి ధర కట్టడం ఎలా? 40, 25 కలిపితే 65 ఎందుకు కాదు?

ఆషాఢం వచ్చిందంటే విజయవాడ బీసెంట్ రోడ్డులో బట్టల షాపుల ముందు బోర్డులు మారిపోతాయి. పెళ్లిళ్లు ఉండని నెల కాబట్టి బేరాలు పలచబడతాయి. ఉన్న సరుకు కదలాలంటే తగ్గింపులు పెట్టక తప్పదు. ఆ బోర్డుల్లో ఎక్కువమందిని తికమకపెట్టేది ఒకటుంది: "ఫ్లాట్ 40% + అదనంగా 25%". చూడగానే మనసు 65 అని కూడేస్తుంది. 6,400 రూపాయల పట్టుచీర 2,240కి వచ్చేస్తుందని లెక్క వేసుకుని బిల్లు కౌంటరు దగ్గరికి వెళితే అక్కడ 2,880 అడుగుతారు.

"బోర్డు మీద 65 శాతం అని పెట్టారు కదండీ?"

"65 కాదమ్మా. 40 పోయాక మిగిలినదాని మీద 25."

ఇక్కడ షాపువాళ్లు చెప్పిందే సరైన లెక్క. మోసం లేదు. కానీ కౌంటరు దగ్గర నిలబడ్డ మనిషికి ఆ 640 రూపాయల తేడా ఎక్కడి నుంచి వచ్చిందో ఎవరూ విడమరచి చెప్పరు. వెనక క్యూలో వాళ్లు తొందరపెడుతుంటే అడిగే ఓపికా ఉండదు. ఆ 640 సంగతి పూర్తిగా తెలిస్తే ఇలాంటి ఏ బోర్డునైనా షాపు గుమ్మంలోనే లెక్క తేల్చుకోవచ్చు. అందుకే ఈ ఒక్క చీరనే పట్టుకుని మొదటి నుంచీ చూద్దాం.

మొదట బోర్డును సరిగా చదవండి

లెక్కలోకి దిగకముందే చూసుకోవలసినవి ఉన్నాయి. మొదటిది, 40% ఏ ధర మీద? మామూలుగా ట్యాగ్ మీద ఉన్న ఎంఆర్‌పీ మీద. రెండోది, 25% ఏ ధర మీద? "అదనంగా", "ఎక్స్‌ట్రా", "ఆన్ డిస్కౌంటెడ్ ప్రైస్" లాంటి మాట ఉన్నా, రెండు అంకెల మధ్య ప్లస్ గుర్తు ఉన్నా, ఆ రెండోది అప్పటికే తగ్గిన ధర మీద అనే అర్థం. వ్యాపారంలో ఆ ప్లస్ గుర్తుకు కూడిక అని అర్థం లేదు, "ఆ తర్వాత" అని అర్థం. అసలు తికమకంతా ఇక్కడే పుడుతుంది. చిన్నప్పటి నుంచి ప్లస్ కనిపిస్తే కూడటమే అలవాటు కదా.

"40% వరకు" అని ఉంటే అది వేరే కథ. ఆ 40 షాపులో ఏదో కొన్ని చీరలకే ఉంటుంది. మీరు ఎంచుకున్న చీరకు 15 ఉండొచ్చు. ట్యాగ్ మీద గానీ, ఆ అల్మరా మీద గానీ ఆ చీరకు వర్తించే శాతం ఎంతో చూసి, దాన్నే లెక్కలో వాడండి.

పోయేది కాదు, మిగిలేది రాసుకోండి

డిస్కౌంటు బోర్డు మనకు ఎంత పోతుందో చెబుతుంది. మనం కట్టాల్సింది మాత్రం మిగిలేదాన్ని. అందుకని ప్రతి శాతాన్నీ వందలోంచి తీసేసి, మిగిలే శాతాన్ని రాసుకోవాలి. 40 పోతే మిగిలేది 60. 25 పోతే మిగిలేది 75.

ఈ చిన్న మార్పుతోనే సగం కష్టం తీరిపోతుంది. పోయే శాతాలతో పనిచేస్తే ప్రతిసారీ ఒకసారి గుణించి, ఒకసారి తీసేయాలి. మిగిలే శాతాలతో చేస్తే గుణకారం ఒక్కటే. ఎన్ని డిస్కౌంట్లు వరుసగా వచ్చినా అదే దారి.

ఇప్పుడు ఆ రెండిటినీ గుణించండి. 60 × 75 = 4,500. దాన్ని వందతో భాగిస్తే 45. అంటే ట్యాగ్ ధరలో మీరు కట్టేది 45 శాతం. బోర్డు మీది రెండు డిస్కౌంట్లు కలిసి నిజంగా ఇచ్చేది 55 శాతం, 65 కాదు.

6,400లో 45 శాతం నోటితోనే కట్టొచ్చు. సగం 3,200. అందులోంచి 5 శాతం, అంటే 320 తీసేయండి. 2,880. కౌంటరులో చెప్పిన ధర ఇదే.

ఫోన్ కాలిక్యులేటర్ వాడేటట్టయితే శాతం గుర్తు జోలికి పోకండి. ఆ గుర్తు అన్ని కాలిక్యులేటర్లలోనూ ఒకేలా పనిచేయదు. 6400 − 40% − 25% అని వరుసగా నొక్కితే ఏం చేస్తుందో ఆ యాప్‌ను బట్టి ఉంటుంది. దశాంశాలతో నొక్కితే ఏ ఫోన్‌లోనైనా ఒకటే జవాబు:

```
6400 × 0.60 × 0.75 = 2880
```

ఆ 640 ఎక్కడికి పోయింది?

ఇప్పుడు అసలు ప్రశ్న. కూడితే ఎందుకు తప్పు?

చీరను మెట్టు మెట్టుగా చూద్దాం. ట్యాగ్ ధర 6,400. మొదటి డిస్కౌంటు 40 శాతం, అంటే 2,560 రూపాయలు పోయాయి. మిగిలింది 3,840. ఇక ఆ చీర ధర 3,840 మాత్రమే, 6,400 అనే అంకె లెక్కలో లేదు. రెండో డిస్కౌంటు ఈ 3,840 మీద 25 శాతం, అంటే 960. మిగిలింది 2,880.

కూడినప్పుడు మనం చేసిందేమిటి? 25 శాతాన్ని కూడా 6,400 మీదే వేశాం. అది 1,600 అవుతుంది. నిజంగా వచ్చింది 960. రెండిటికీ తేడా సరిగ్గా 640.

ఆ 640ని ఇంకో వైపు నుంచి చూడండి. మొదటి డిస్కౌంటులో పోయిన 2,560 మీద 25 శాతం ఎంత? 640! అంటే కూడిక చేసిన మనిషి, అప్పటికే తగ్గించేసిన 2,560 రూపాయల మీద కూడా మళ్లీ తగ్గింపు అడుగుతున్నాడన్నమాట. ఆ డబ్బు మీరు కట్టేదే లేదు. కట్టని డబ్బులో తగ్గింపు ఎలా వస్తుంది? కూడికలో వచ్చే తప్పంతా ఇదే, ఇంతే.

వంద రూపాయలతో చేస్తే ఇంకా తేటగా కనిపిస్తుంది. టేబుల్ మీద వంద రూపాయి నాణేలు పరచండి. 40 తీసేయండి. మిగిలినవి 60. ఇప్పుడు 25 శాతం తీయాలి. 60లో నాలుగో వంతు 15. మొత్తం తీసినవి 55. "లేదు, 25 తీయాల్సిందే" అంటే ఆ అదనపు 10 నాణేలు ఎక్కడివి? మొదట తీసి పక్కన పెట్టిన 40లో నాలుగో వంతు అవి. వాటిని రెండోసారి తీయడం కుదరదు.

శాతం అనేది ఎప్పుడూ ఒంటరి అంకె కాదు. "దేనిలో" అన్న ప్రశ్నకు జవాబు ఉంటేనే దానికి విలువ. 40 శాతం 6,400లోది, 25 శాతం 3,840లోది. రెండు వేరువేరు మొత్తాల్లోని భాగాలు కాబట్టి వాటిని పక్కపక్కన పెట్టి కూడటానికి వీల్లేదు. రెండూ ఒకే మొత్తం మీదివైతే కూడొచ్చు, అందులో తప్పేమీ లేదు. ఉదాహరణకు షాపు "ఎంఆర్‌పీ మీద 40%, సభ్యత్వ కార్డు ఉంటే ఎంఆర్‌పీ మీదే ఇంకో 5%" అని స్పష్టంగా రాసిందనుకోండి. అప్పుడు నిజంగానే 45. అందుకే మొదటే బోర్డు చదవమన్నది.

ఇంకా నమ్మకం కుదరని వాళ్లకు ఒక పరీక్ష. 50% + 50% అనే బోర్డు ఊహించుకోండి. కూడిక నిజమైతే చీర ఉచితం. 60% + 50% అయితే చీర ఇచ్చి షాపువాళ్లే ఎదురు డబ్బు కట్టాలి. నిజానికి 50 మీద 50 అంటే 75 శాతం తగ్గింపు, 60 మీద 50 అంటే 80 శాతం. వరుసగా ఎన్ని తగ్గింపులు వేసినా, వాటిలో ఏదీ నూరు శాతం కానంతవరకు ధర సున్నా కాదు.

మరి ఈ తప్పు రోజూ ఎందుకు బయటపడదు? అంకెలు చిన్నవైతే తేడా చిన్నది కాబట్టి. 5 మీద 5 అయితే 10 అనుకుంటాం, వచ్చేది 9.75. వెయ్యి రూపాయల వస్తువు మీద రెండున్నర రూపాయల తేడా ఎవరూ పట్టించుకోరు. 10 మీద 10 అయితే 20 బదులు 19. 20 మీద 20 అయితే 40 బదులు 36. 40 మీద 40కి వచ్చేసరికి 80 బదులు 64, అంటే వందకు 16 రూపాయల తేడా. చిన్న తగ్గింపులతో అలవాటైన కూడిక పెద్ద సేల్‌లో జేబుకు తగులుతుంది.

నోటితో కట్టే సూత్రం

పోటీ పరీక్షలకు చదివేవాళ్లకు ఈ సూత్రం తెలిసే ఉంటుంది. రెండు శాతాలను a, b అనుకుంటే నిజమైన మొత్తం డిస్కౌంటు ఇది:

```
a + b − (a × b) / 100
```

చాలామంది దీన్ని బట్టీ పట్టి వదిలేస్తారు. కానీ ఇప్పటిదాకా చెప్పిందే ఇందులో ఉంది. a + b అనేది మనం తొందరలో వేసిన కూడిక. తీసేస్తున్న (a × b) / 100 అనేది, పోయిన డబ్బు మీద రెండోసారి అడిగిన తగ్గింపు. మన చీరకు 40 + 25 − 10 = 55. ఆ 10 శాతం 6,400 మీద 640. అంకె మళ్లీ అదే.

నా మట్టుకు షాపులో మిగిలే శాతాల గుణకారమే మేలనిపిస్తుంది, ఎందుకంటే అది నేరుగా కట్టాల్సిన ధరకే తీసుకెళుతుంది. మూడో డిస్కౌంటు వచ్చినా ఇంకోసారి గుణిస్తే చాలు. ఈ సూత్రం మాత్రం జవాబు సరిచూసుకోవడానికి బాగుంటుంది. రెండు దారుల్లోనూ ఒకే అంకె వస్తే లెక్క సరిపోయినట్టే.

ఏది ముందు వేస్తే లాభం?

రెండూ శాతాలే అయితే ఏది ముందు వేసినా ఒకటే. 25 ముందు వేసి చూడండి: 6,400లో 1,600 పోయి 4,800. దాని మీద 40 శాతం, 1,920 పోయి 2,880. 60 × 75 అన్నా 75 × 60 అన్నా ఒకటే కదా. "ముందు పెద్దది వేయండి" అని కౌంటరు దగ్గర పట్టుబట్టడం వల్ల ఒక్క రూపాయి కూడా తగ్గదు.

ఒకటి శాతం, ఒకటి రూపాయలు అయినప్పుడు మాత్రం వరుస మారితే ధర మారుతుంది. ఇక్కడ నిజంగా జాగ్రత్తగా ఉండాలి. మన చీరకే 500 రూపాయల కూపన్ ఉందనుకుందాం. శాతాలన్నీ వేశాక కూపన్ వాడితే 2,880 − 500 = 2,380. అలా కాకుండా కూపన్ ముందే తీసేసి శాతాలు తర్వాత వేస్తే 5,900లో 45 శాతం, అంటే 2,655. తేడా 275. ఎందుకంటే ముందే తీసేసిన 500 మీద ఆ 55 శాతం తగ్గింపు మీకు రాకుండా పోయింది. 500లో 55 శాతం 275. కాబట్టి కొనేవాళ్లకు ఎప్పుడూ శాతం ముందు, రూపాయల కూపన్ తర్వాత. అడిగే అవకాశం ఉంటే అలా వేయమని అడగండి.

కూపన్ మీద "3,000 పైన కొంటేనే" అన్న షరతు ఉంటే అది ట్యాగ్ ధరా, తగ్గాక వచ్చిన ధరా అని ముందే కనుక్కోవాలి. 6,400 చీర కొంటున్నాం కదా అని ధీమాగా ఉంటాం, కానీ తగ్గాక వచ్చింది 2,880. బిల్లు మొత్తాన్నే చూసే చోట ఆ కూపన్ చెల్లదు. అలాంటప్పుడు 150 రూపాయల జాకెట్టు ముక్క ఒకటి కలిపితే 3,030 అవుతుంది, కూపన్ చెల్లి 2,530 కడతారు. చీర ఒక్కటే కొన్నదానికంటే 350 తక్కువ.

బ్యాంకు కార్డు తగ్గింపుల్లో ఇంకో మెలిక పరిమితి. "10%, గరిష్ఠంగా 250 రూపాయలు" అంటే 2,880 మీద వచ్చే 288 మీకు రాదు, 250 మాత్రమే వస్తుంది. పరిమితి దాటాక అది శాతం కాదు, రూపాయల తగ్గింపు. దాన్ని గుణకారంలో కలపకుండా చివర తీసేయండి: 2,630. ఇక క్యాష్‌బ్యాక్ సంగతి. అది తర్వాత ఎప్పుడో ఖాతాలో పడేది, ఈ రోజు బిల్లును తగ్గించదు. చివరి ధర లెక్కలోకి దాన్ని తేవద్దు.

పన్ను విడిగా వేస్తే

ఎంఆర్‌పీ అంటే పన్నులన్నీ కలిసిన ధర. దాని మీద తగ్గింపు ఇచ్చాక మళ్లీ పైన జీఎస్టీ కలపకూడదు. కొన్ని చోట్ల ట్యాగ్ మీద ఎంఆర్‌పీ కాకుండా పన్ను లేని ధర వేసి, బిల్లులో పన్ను కలుపుతారు. అలాంటి చోట 5 శాతం పన్ను ఉంటే 2,880ని 1.05తో గుణించాలి: 3,024. తగ్గింపు 55లోంచి పన్ను 5 తీసేసి "50 శాతమే తగ్గింది" అనుకుంటే మళ్లీ అదే పాత తప్పు. పన్ను 2,880 మీద పడింది, 6,400 మీద కాదు. నిజమైన తగ్గింపు 52.75 శాతం.

పన్ను తగ్గిన ధర మీదే పడాలన్నది చట్టంలోనే ఉంది. అమ్మేటప్పుడే ఇచ్చి బిల్లులో చూపించిన డిస్కౌంటును, జీఎస్టీ వేసే విలువలోంచి తీసేయాలని 2017 కేంద్ర జీఎస్టీ చట్టం 15వ సెక్షన్ చెబుతుంది.

రెండు షాపుల బోర్డులు పోల్చాలంటే

ఒక షాపులో 50% + 20%. పక్క షాపులో ఫ్లాట్ 62%. చీర అదే, ట్యాగ్ ధర అదే 6,400. కళ్లకు 70 పెద్దగా కనిపిస్తుంది. మిగిలేది రాసుకుంటే మొదటి షాపులో 50 × 80, అంటే 40 శాతం, 2,560 రూపాయలు. రెండో షాపులో 38 శాతం, 2,432. రెండో షాపే 128 రూపాయలు చవక.

కూడితే 70 వచ్చే బోర్డులన్నీ ఒకటి కావన్నది కూడా గమనించండి. 60% + 10% అయితే మీరు కట్టేది 36 శాతం. 50% + 20% అయితే 40 శాతం. 35% + 35% అయితే 42.25 శాతం. మన చీరకు ఇవి వరుసగా 2,304, 2,560, 2,704. రెండు శాతాలు ఒకదానికొకటి దగ్గరయ్యేకొద్దీ కొనేవాళ్లకు వచ్చేది తగ్గుతుంది, ఎందుకంటే రెండోసారి అడిగిన తగ్గింపు, అంటే ఆ a × b, రెండు అంకెలు సమానమైనప్పుడే అన్నిటికంటే పెద్దది. కాబట్టి బోర్డు మీద రెండు అంకెలు దాదాపు సమానంగా కనిపిస్తే, కూడిక మీద ఆధారపడ్డ మన అంచనా బాగా ఎక్కువ తప్పుతుందని గుర్తుపెట్టుకోవచ్చు.

బిల్లు చేతికొచ్చాక

బిల్లులో తప్పు ఉంటే చివరి అంకే ఆ తప్పేమిటో చెబుతుంది. మన చీరకు బిల్లు 3,840 చూపిస్తే రెండో డిస్కౌంటు వేయడం మరచిపోయారు. 4,800 చూపిస్తే 25 శాతం పడింది, 40 పడలేదు. 2,240 చూపిస్తే షాపువాళ్లే రెండిటినీ కూడేసి కంప్యూటరులో 65 అని కొట్టారు, వాళ్లకు నష్టం. ఇక 3,024 అయితే పైన 5 శాతం పన్ను కలిపారు. ట్యాగ్ మీద ఎంఆర్‌పీ అని ఉంటే, ఎందుకు కలిపారని అడగాల్సిన సందర్భం ఇది.

నాలుగైదు చీరలు కలిపి కొన్నప్పుడు అన్నిటికీ ఒకే రెండు శాతాలు ఉంటే, ట్యాగ్ ధరలు కూడి ఒకేసారి 45 శాతం కట్టండి. వేరువేరు శాతాలుంటే ఏ చీరకు ఆ చీర లెక్క కట్టి చివర్లో కూడండి. బిల్లుకూ మీ లెక్కకూ రూపాయో, అర రూపాయో తేడా వస్తే అది మధ్యలో పైసలు సవరించడం వల్ల వచ్చింది, దాని గురించి టెన్షన్ అక్కర్లేదు.

అమ్మేవాళ్లకైతే ఈ తప్పు ఇంకా ఖరీదు

కొనేవాళ్లకు కూడిక వల్ల వచ్చేది నిరాశ. అమ్మేవాళ్లకు వచ్చేది నష్టం. పైపులు, స్విచ్చులు, ఫ్యాన్లు అమ్మే వ్యాపారాల్లో కంపెనీ లిస్టు ధర మీద డీలరుకు "నలభై ప్లస్ పదిహేను" అని వరుస డిస్కౌంట్లు మాట్లాడుకోవడం ఎప్పటి నుంచో ఉన్న పద్ధతి. మొదటిది ట్రేడ్ డిస్కౌంటు. రెండోది తరచుగా క్యాష్ డిస్కౌంటు, అంటే డబ్బు వెంటనే కట్టినందుకు ఇచ్చేది.

గుంటూరులో కొత్తగా ఎలక్ట్రికల్ షాపు పెట్టిన కుర్రాడికి ఒక ఇల్లు మొత్తానికి వైరింగ్ సామాను ఆర్డరు వచ్చిందనుకుందాం. లిస్టు ధర ప్రకారం సరుకు 80,000. తనకు 40 ప్లస్ 15 వస్తుంది. 55 అని కూడుకుంటే సరుకు 36,000కి పడుతుందని లెక్క. "మీకు సగం ధరకే ఇస్తానండీ" అని ఇంటివాళ్లకు 40,000 కొటేషన్ ఇస్తాడు, నాలుగు వేలు మిగులుతాయన్న ధీమాతో. కంపెనీ నుంచి వచ్చిన బిల్లు చూస్తే 80,000 × 0.60 × 0.85, అంటే 40,800. జీఎస్టీ పక్కన పెట్టినా నాలుగు వేల లాభం రాకపోగా 800 చేతి నుంచి పడ్డాయి. ఆటో కిరాయి అదనం. 60 × 85 అని ఒక్కసారి గుణించుకుని ఉంటే తన ఖరీదు లిస్టులో 51 శాతమని, సగం ధరకు ఇవ్వలేనని అక్కడే తెలిసేది.

ఇంకో ముఖ్యమైన విషయం, క్యాష్ డిస్కౌంటు గడువు. ఆ 15 శాతం ఫలానా రోజుల్లోపు కడితేనే అన్నారనుకోండి. గడువు దాటితే ఖరీదు 51 కాదు, 60 శాతం. 80,000 మీద 48,000. కొటేషన్ ఇచ్చే ముందు, ఆ డబ్బు గడువులోపు కట్టగలనా అన్నది కూడా చూసుకునే అంకె వేయాలి.

షాపువాళ్లకు తిరగేసి కట్టాల్సిన లెక్క కూడా ఒకటి తగులుతుంది. బోర్డు మీద ఇప్పటికే 40 శాతం ఉంది. మొత్తం 60 శాతం తగ్గేలా రెండో డిస్కౌంటు ఎంత పెట్టాలి? 20 అని చాలామంది అంటారు. 40 మీద 20 పెడితే వచ్చేది 52 మాత్రమే. చివరికి మిగలాల్సింది 40, ఇప్పుడు మిగిలి ఉంది 60. 40ని 60తో భాగిస్తే మూడింట రెండు వంతులు. అంటే రెండో డిస్కౌంటు మూడో వంతు, 33.33 శాతం. పద్ధతి ఎప్పుడైనా ఇదే: చివరికి మిగలాల్సినదాన్ని ఇప్పుడు మిగిలినదానితో భాగించి, వచ్చినదాన్ని ఒకటిలోంచి తీసేయడం.

ఎక్సెల్‌లో ధరల పట్టిక పెట్టుకునేవాళ్లు A2లో లిస్టు ధర, B2, C2లలో డిస్కౌంట్లను 40%, 15% అని శాతం గుర్తుతో సహా వేసుకుని, D2లో ఇది రాస్తే సరిపోతుంది:

```
=A2*(1-B2)*(1-C2)
```

శాతం గుర్తు లేకుండా ఉత్త 40, 15 అని వేసే అలవాటు ఉంటే పై సూత్రం వేలను దాటిన పిచ్చి అంకె చూపిస్తుంది. అప్పుడు `=A2*(1-B2/100)*(1-C2/100)` వాడాలి. పాత పట్టికల్లో ఎక్కడైనా `1-(B2+C2)` అని కనిపిస్తే ఆ వరుసలో ఖరీదు తక్కువగా చూపిస్తోందని అర్థం. 80,000 వరుసలో 40,800 రావాలి. 36,000 వస్తే ఆ పట్టిక నుంచి ఇచ్చిన కొటేషన్లన్నీ మళ్లీ చూసుకోవాలి.